ఛీ అనిపిస్తుంది, కారణం మాత్రం చెప్పలేం: అలాంటి తీర్పును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న: మాది కోనసీమ. మా పెదనాన్నగారు పోయిన మూడో రోజున ఆయన పెద్దకొడుకు రావులపాలెం వెళ్లి చికెన్ బిర్యానీ తిన్నాడు. అది తెలిసి ఇంటిల్లిపాదీ ఛీ అన్నారు, నాకూ అలాగే అనిపించింది. దానివల్ల ఎవరికేం నష్టమని అడిగితే మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోతున్నారు, నేనూ చెప్పలేకపోతున్నాను. కారణం చెప్పలేనప్పుడు ఆ ఛీ అనిపించడానికి విలువ ఉందా, లేక అది ఉత్త అలవాటేనా?

జవాబు:

మీకు తెలుసో లేదో గానీ, నైతిక మనస్తత్వశాస్త్రంలో ఇంచుమించు ఇదే ఉదంతం మీద ముప్పై ఏళ్లకు పైగా వాదన నడుస్తోంది. 1987లో రిచర్డ్ ష్వేడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. భువనేశ్వర్ పాతబస్తీలో బ్రాహ్మణ, దళిత కుటుంబాల పిల్లల్నీ పెద్దల్నీ, చికాగోలో హైడ్ పార్క్ వాళ్లనీ కూర్చోబెట్టి 39 చిన్న చిన్న ఉదంతాలు చెప్పి, ఏది ఎంత తప్పో అడిగారు. అందులో ఒకటి: తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడు. భువనేశ్వర్ బ్రాహ్మణ పిల్లలు మొత్తం 39లోనూ ఘోరమైన తప్పుగా దాన్నే పెట్టారు. చికాగోలో దాన్ని తప్పు కింద లెక్కపెట్టినవాళ్లు లేరనే చెప్పాలి. వితంతువు వారానికి రెండు మూడుసార్లు చేప తినడం కూడా భువనేశ్వర్‌లో పెద్ద తప్పే. నరసాపురం వైపు చేపలు తినే ఇళ్లలో చాలామందికి అది తప్పని ఈ రోజు తట్టను కూడా తట్టదు. ఛీ అనిపించే శక్తి మనిషికి పుట్టుకతో రావచ్చు గానీ, దేన్ని చూసి అనాలో మటుకు ఊరూ ఇల్లూ నేర్పుతాయి.

అయితే భువనేశ్వర్ వాళ్లు కారణం చెప్పలేక నీళ్లు నమల్లేదు. మైల రోజుల్లో నీచు తింటే తండ్రి ఆత్మకు గతి ఉండదన్నారు. వాళ్ల లెక్కలో అది స్పష్టమైన నష్టం, నష్టపోయేది తండ్రి. మనస్తత్వవేత్త ఎలియట్ ట్యూరియల్, ఆయన సహచరులు వెంటనే ఇదే పట్టుకున్నారు. ఒడిశా పెద్దమనిషి, చికాగో ప్రొఫెసరు ఇద్దరూ ఇతరులకు హాని చేయకూడదనే అంటున్నారు, తేడా అల్లా చనిపోయినవాడికి హాని జరుగుతుందా లేదా అన్న నమ్మకం దగ్గరే, అన్నది వాళ్ల వాదన. నా దృష్టిలో ఆ అభ్యంతరంలో చాలా బలం ఉంది, మీ ఇంటి సంగతికీ అది నేరుగా వర్తిస్తుంది.

ఎలాగంటే, మీ పెద్దమ్మగారు కారణం చెప్పలేకపోయారని మీరు అనుకుంటున్నారు. చదువుకున్న కుర్రాడు ఎదురుగా నిలబడి ‘ఎవరికేం నష్టం?’ అని గద్దించినట్టు అడిగితే, ఆవిడ మనసులో ఉన్న జవాబు (ఆయన ఆత్మ ఇంకా ఈ ఇంటి చుట్టూనే తిరుగుతోంది) బయటికి రాదు. చెబితే నవ్వుతారని తెలుసు. ‘ఏమో నాయనా, చెయ్యకూడదంతే’ అని ఊరుకుంటారు. కారణం లేకపోవడం వేరు, ఉన్న కారణాన్ని ఈ మనిషి ఒప్పుకోడని మింగేయడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనబడతాయి.

కారణం నిజంగానే లేని స్థితి ఉంటుందని గట్టిగా వాదించినవాడు అమెరికన్ మనస్తత్వవేత్త జొనాథన్ హైట్. 1993లో ఆయన, సిల్వియా కొల్లర్, మరియా డియాస్ ఎవరికీ హాని లేని కథలు ప్రత్యేకంగా అల్లి, ఫిలడెల్ఫియాలోనూ బ్రెజిల్‌లో రెండు నగరాల్లోనూ 360 మందిని అడిగారు. పాత జాతీయజెండా ముక్కలతో ఇంట్లోనే మరుగుదొడ్డి కడగడం, కారు కింద పడి చచ్చిన సొంత కుక్కను వండుకు తినడం, చనిపోయే తల్లికి వారం వారం సమాధి దగ్గరికి వస్తానని మాటిచ్చి మానేయడం లాంటివి. అమెరికన్ కాలేజీ విద్యార్థులు ‘అసహ్యమే, కానీ వాళ్లిష్టం’ అనేశారు. పేదవర్గాలవాళ్లలో ఎక్కువమంది మాత్రం అది తప్పే, ఆపాల్సిందే అన్నారు. ఎవరు తప్పంటారో ముందే అంచనా వేయాలంటే ‘ఎవరికైనా హాని జరిగిందా’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు కన్నా ‘చూస్తే నీకు ఇబ్బందిగా ఉంటుందా’ అన్నదానికి వచ్చిన జవాబే బాగా పనికొచ్చింది. ఆ తర్వాత, 2000లో, అన్నాచెల్లెళ్ల మధ్య ఎవరికీ తెలియని, గర్భం వచ్చే వీల్లేని లైంగిక సంబంధం కథతో 30 మంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి అడిగితే, చెప్పిన ప్రతి కారణమూ కథలోనే కొట్టుకుపోయింది. ‘ఎందుకో చెప్పలేను, కానీ తప్పే’ దగ్గర చాలామంది ఆగిపోయారు. 2001 నాటి వ్యాసంలో హైట్ దీన్నే సిద్ధాంతం చేశాడు: తీర్పు ముందు వచ్చేస్తుంది, తర్కం ఆ తీర్పు తరఫున వకాల్తా పుచ్చుకున్న వకీలులా తర్వాత వస్తుంది.

ఇంటర్నెట్‌లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. ‘మనుషులు ముందు అసహ్యించుకుంటారు, తర్వాత కారణాలు కల్పిస్తారు’ అని అందరూ దీన్నే తిరగేసి రాస్తుంటారు. తర్వాత జరిగింది ఎవరూ రాయరు. 2015లో ఎడ్వర్డ్ రోయ్జ్‌మన్ బృందం అదే అన్నాచెల్లెళ్ల కథ మళ్లీ చెప్పి, ఈసారి అదనంగా ఒకటి అడిగింది: ‘వాళ్లకు ఏ హానీ జరగలేదన్న మాట మీరు నమ్మారా?’ చాలామంది నమ్మలేదు. కథ రాసినాయన హాని లేదన్నంత మాత్రాన అలాంటి సంబంధం ఏ మచ్చా లేకుండా ముగుస్తుందా అని వాళ్ల అనుమానం. అది నోరు పెగలకపోవడం కాదు, ఇచ్చిన సమాచారాన్ని ఒప్పుకోకపోవడం. హాని లేదని నిజంగా ఒప్పుకుని, అయినా తప్పే అని భీష్మించినవాళ్లు బహు కొద్దిమంది మిగిలారు.

ఇంకోటి, 2012లో జోసెఫ్ పాక్స్‌టన్, లియో ఉంగర్, జాషువా గ్రీన్ చేసినది. అదే కథకు అనుకూలంగా కొందరికి బలమైన వాదన, కొందరికి బలహీనమైన వాదన చదవమని ఇచ్చారు. వెంటనే జవాబు చెప్పమన్నవాళ్లలో వాదన బలంగా ఉన్నా బలహీనంగా ఉన్నా పెద్ద తేడా రాలేదు. రెండు నిమిషాలు ఆగి ఆలోచించి చెప్పమన్నవాళ్లలో మాత్రం బలమైన వాదన చదివినవాళ్లు మెత్తబడ్డారు. తర్కం పనిచేస్తుంది గానీ, దానికి సరుకూ కావాలి, వ్యవధీ కావాలి. కర్మ ఇంట్లో పదిమంది మధ్య జరిగే వాదనలో ఈ రెండూ ఉండవు. అందుకే అక్కడ అందరూ వకీళ్లలాగే కనబడతారు.

ఇప్పుడు మీ అన్నయ్య బిర్యానీ దగ్గరికి వద్దాం. తెలుసుకోవాల్సింది, ఆ ఛీ దేని మీద నిలబడి ఉందన్నది. దానికి ప్రశ్నలు ఒక వరసలో అడగాలి, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. పెద్దల ముందు పిల్లల్ని అడిగితే పెద్దల జవాబే వస్తుంది. ‘ఎందుకు’ అన్నది మొదటే అడగకండి. అడిగిన క్షణం నుంచీ మనిషి తన జవాబును కాపాడుకునే పనిలో పడతాడు, మీకు దొరికేది అప్పటికప్పుడు పుట్టిన కారణం.

ముందు కథను కొంచెం కొంచెం మార్చి, తీర్పు ఎక్కడ మారుతుందో చూడండి. పురోహితుడుగారే ‘ఈ కాలంలో పర్వాలేదు’ అంటే అప్పుడు కూడా తప్పేనా? మీ వీధిలో క్రైస్తవ కుటుంబం ఉంటే, అక్కడ తండ్రి పోయిన మూడో రోజు కొడుకు మాంసం తింటే అది తప్పా? మొదటిదానికి ‘ఆయన పర్వాలేదంటే సరే’ అనీ, రెండోదానికి ‘వాళ్ల పద్ధతి వాళ్లది’ అనీ వస్తే, ఆ మనిషి దృష్టిలో ఇది ఆచారం, మన ఇంటి కట్టుబాటు. ఆచారాన్నీ నీతినీ రెండు వేరువేరు గళ్లుగా విడదీసిన ట్యూరియల్ లెక్క ప్రకారం నైతికమైన తప్పు అలా ఉండదు. పురోహితుడు ఒప్పుకున్నా, ఏ మతంలోనైనా, పిల్లవాణ్ణి కారణం లేకుండా కొట్టడం తప్పే. తెలుగువాళ్లలో పెద్దవాళ్లు ఈ రెండు ప్రశ్నలకు రెండు రకాల జవాబులు చెప్పడం మామూలే: పురోహితుడు చెప్పినా తప్పు పోదు, కానీ క్రైస్తవుడికి వర్తించదు. దాన్ని తికమక అనుకోకండి. ఆచారం మన కులానికో మతానికో కట్టుబడిందే, కానీ మనకు అది మనుషులు పెట్టినది కాదు, ఎవరూ తీసేయలేరు అని వాళ్ల ఉద్దేశం. ట్యూరియల్ గీసిన రెండు గళ్లలో ఇది సరిగ్గా కూర్చోదు. ష్వేడర్ మొదటినుంచీ మొత్తుకున్నదీ అదే.

తర్వాత, ఎవరికీ తెలియకుండా తినుంటే? అప్పుడు పర్వాలేదనేవాళ్లకు బాధ పరువు గురించి. పదిమందిలో తండ్రికి మర్యాద దక్కలేదన్నది వాళ్ల అసలు మాట, ఆ నష్టం నిజమైనదే, కారణం లేదనడానికి వీల్లేదు. తెలియకపోయినా తప్పే అన్నవాళ్లను అప్పుడు మెల్లిగా అడగండి: ‘పెదనాన్నకు ఏమైనా అవుతుందంటారా?’ వెక్కిరింపు ధ్వని రాకూడదు. ఇక్కడే చాలామంది దగ్గర ఆత్మ సంగతి బయటపడుతుంది.

ఇక అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న సందర్భాన్ని మార్చేది. మీ అన్నయ్యకు షుగరు ఉందనుకుందాం, ఉపవాసంతో కళ్లు తిరిగి పడిపోయాడు, పక్కన దొరికింది ఆ బిర్యానీ ఒక్కటే, స్నేహితులు బలవంతంగా తినిపించారు. ఇప్పుడు? ‘పాపం, అలాగైతే ఏం చేస్తాడు’ అని వెంటనే మెత్తబడినవాళ్లకు మొదట కలిగింది అసహ్యం కాదు, కోపం. తండ్రి మీద లెక్కలేనితనం చూసి వచ్చిన కోపం. నోట్లోంచి వచ్చింది ‘ఛీ’యే అయినా సరే. పాస్కల్ రసెల్, రోజర్ గినర్-సొరొల్లా పరిశోధనల్లో తరచుగా కనిపించేది ఇదే: కోపం ఉద్దేశాన్నీ పరిస్థితినీ చూసి తగ్గుతుంది, పెరుగుతుంది. శరీరానికి సంబంధించిన అసహ్యం ఆ మార్పుల్ని పెద్దగా పట్టించుకోదు. బలవంతంగా తినిపించినా ‘ఏమైనా నోట్లోకి వెళ్లిందిగా’ అని ముఖం చిట్లించి, ఆ రాత్రి అతను కూర్చున్న చాప మీద కూర్చోవడానికి వెనకాడేవాళ్లకు కలిగిందే అసలైన అసహ్యం.

ఆ అసహ్యానికి తనదైన లెక్క ఒకటుంది. పాల్ రోజిన్ 1986లో చూపించాడు: శుభ్రంగా క్రిమిరహితం చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు, జనం ఆ రసం తాగరు. క్రిములు లేవని ఒప్పుకుంటారు, తాగరు. ఒకసారి తగిలింది తగిలినట్టే, ఎంత తగిలిందన్న లెక్క లేదు, కడిగినా పోదు. మనకు ఎంగిలీ మైలా చిన్నప్పటినుంచీ తెలుసు కాబట్టి ఈ ప్రయోగంలో ఆశ్చర్యపడాల్సింది పెద్దగా ఏమీ కనబడదు. కానీ అడగాల్సిన ప్రశ్న అది చేతికిస్తుంది: ‘ఏం చేస్తే ఇది పోతుంది?’

మీ ఇంట్లో ఈ ప్రశ్న వేస్తే జవాబు సులువుగా వస్తుంది. పెద్దకర్మ అయిపోతే అందరూ మాంసం వండుకోవచ్చు, అదే కొడుకు అదే హోటల్లో తినొచ్చు. ఈ మైలకు గడువుంది, అది ఇంట్లో అందరికీ ఉంది, దానివల్ల బయటివాడికి ఒరిగేదీ పోయేదీ లేదు. ఆ ఛీ ఒక మనిషి మీద కాదు, ఒక పదిరోజుల నడవడి మీద. ఇలాంటి అసహ్యాన్ని ఆ మనిషికి విలువైనదేమిటో చెప్పే సమాచారంగా తీసుకోవచ్చు, ఇక్కడ అది తండ్రి పట్ల దుఃఖాన్ని శరీరంతో పాటించడం. నోటితో ‘మా నాన్నంటే నాకు ప్రాణం’ అనడం తేలిక. పదిరోజులు నాలుక కట్టుకోవడం తేలిక కాదు, అందుకే అది సాక్ష్యంగా చెల్లుబాటవుతుంది. మీకు మాటల్లో దొరకని కారణం చాలావరకు ఇదేనని నా అంచనా.

ఇప్పుడు అదే ప్రశ్న ఇంకోచోట వేయండి. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలియనివాళ్లు డెల్టాలో ఉండరు. దళితులకు విడిగా గ్లాసు, తాగినవాడే కడిగి పక్కన బోర్లించాలి. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దుచేసింది 1950లో. ఆ తర్వాత కూడా ఆంధ్ర పల్లెల్లో అది దశాబ్దాలపాటు నడిచింది. అలా వేరు గ్లాసు పెట్టినవాడి లోపల కలిగింది కూడా అసహ్యమే, అంతే వేగంగా, అంతే గట్టిగా, కారణం అడిగితే అంతే తడబాటుతో. వేడినీళ్లతో కడిగినా ఆ గ్లాసు ముట్టడు, బొద్దింక ముంచిన పళ్లరసం లాగే. ఏం చేస్తే పోతుందని అడిగితే జవాబే లేదు. గడువు లేదు, చేసిన పని లేదు, మనిషే మైల. పైగా ఇక్కడ నష్టపోయేవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, అతన్ని వెతకడానికి ఏ నమ్మకమూ అక్కర్లేదు.

అందుకని, లోపల ఎంత బలంగా ఛీ అనిపించిందన్నది తప్పొప్పులకు కొలత కాదు. రెండుచోట్లా ఆ బలం ఒకటే. 1997లో లియోన్ కాస్ అనే అమెరికన్ ఆలోచనాపరుడు మానవ క్లోనింగును వ్యతిరేకిస్తూ, మాటల్లో పెట్టలేని అసహ్యంలోనూ వివేకం ఉంటుందని రాశాడు. మార్తా నుస్‌బామ్ 2004లో, చరిత్రలో అసహ్యం ఎక్కువగా పనిచేసింది కొన్ని జనసమూహాలను మనుషులకన్నా తక్కువగా చూపించడానికేనని, అందుచేత చట్టానికి అది ఆధారం కాకూడదని జవాబు రాసింది. చట్టం విషయంలో నేను నుస్‌బామ్ పక్షమే. ఇంటి ఆచారం విషయంలో మటుకు కాస్ మాటను పూర్తిగా తోసేయను, పైన చెప్పిన మూడు సంగతులు చూశాకే: ఛీ అన్నది పని మీదనా లేక మనిషి మీదనా, గడువు ఉందా లేదా, దాని భారం ఎవరి నెత్తిన పడుతోంది. ముట్టు రోజుల్లో ఆడవాళ్లను వసారాలో కూర్చోబెట్టే ఇళ్లలో గడువు ఉన్నట్టే కనబడుతుంది, కానీ అది నెలనెలా తిరిగి వస్తుంది, ఎప్పుడూ ఒకరి మీదే పడుతుంది. గడువు ఒక్కటే చూసి పాస్ చేసేయకూడదని అందుకే అంటున్నాను.

దుర్వాసన వస్తే జనం తప్పుల్ని ఇంకా కఠినంగా తీర్పు చెబుతారని మీరు ఎక్కడో చదివి ఉంటారు. 2008లో సిమోన్ ష్నాల్, హైట్, మరికొందరు దుర్గంధపు స్ప్రే కొట్టి, మురికి బల్ల ముందు కూర్చోబెట్టి అలాంటి ఫలితం చూపించారు, పత్రికలు బాగా వాడుకున్నాయి. 2015లో జస్టిన్ లాండీ, జెఫ్రీ గుడ్విన్ ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కగడితే ప్రభావం చాలా చిన్నదని తేలింది. విజయవంతమైనవే అచ్చయ్యే అలవాటును లెక్కలోంచి తీసేస్తే ఇంచుమించు సున్నా. భీమవరం చెరువుగట్ల వాసనకూ ఎండుచేపల వాసనకూ అలవాటుపడ్డ ఊళ్లు నీతి విషయంలో మెతకనో కఠినమనో దీన్ని పట్టుకుని ఎవరైనా రాస్తే నమ్మకండి. పక్కనుంచి వచ్చిన వాసన తీర్పును మార్చడం వేరు, జరిగిన పనే అసహ్యం పుట్టించడం వేరు. రెండోదాని గురించే ఇంతసేపూ మాట్లాడుకున్నాం.

చివరిగా మీ సంగతి. మీకూ ఛీ అనిపించిందన్నారు కాబట్టి ఈ ప్రశ్నలు ముందు మీకు మీరే, కాగితం మీద, ఒక్కో జవాబుకూ రెండు నిమిషాలు ఆగి రాసుకోండి. షుగరు ప్రశ్న దగ్గర మీ జవాబు మారితే మీకు వచ్చింది అన్నయ్య మీద కోపం. అలాగైతే అతన్ని అడగాల్సింది బిర్యానీ గురించి కాదు, ఆ మూడు రోజులూ ఎలా గడిచాయని. దుఃఖంలో కొందరికి ఆకలి చచ్చిపోతుంది, కొందరు ఇంట్లో ఉండలేక బండి వేసుకుని హైవే మీదికి పోయి దొరికింది తింటారు. మారకపోతే మీది మైల గురించిన పట్టింపు, మీరు అనుకున్నదానికన్నా మీరు ఇంటి ఆచారానికి దగ్గరగా ఉన్నారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అది మీ అన్నయ్యకు కూడా కట్టుబాటేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది తేల్చే ప్రయోగం ఏ మనస్తత్వశాస్త్రంలోనూ లేదు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. పెద్దకర్మ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక మాట్లాడండి, పందిట్లో వద్దు.